ఐదు సెకన్ల షాటుకు ప్రాంప్ట్ రాయడం

వీడియో తయారుచేసే ఏఐ టూల్‌కు మాటల్లో రాసి ఇచ్చే వర్ణనే ప్రాంప్ట్. బొమ్మ గీయించుకోవడానికైతే ఎదురుగా ఏం కనిపించాలో చెబితే సరిపోతుంది. వీడియోకు అది చాలదు. కెమెరా కదలాలా, కదిలితే ఎటు కదలాలి, దాని ముందున్న మనిషి గానీ వస్తువు గానీ ఏం చేయాలి, ఆ పనంతా షాటు నిడివిలో ఇముడుతుందా అనే మూడు సంగతులు కూడా తేలాలి. మొదటి రెండింటి గురించి అందరూ ఆలోచిస్తారు. మూడోదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. తీరా చూస్తే, కెమెరా గురించి ఎంత రాయాలో, కదలిక గురించి ఎంత రాయాలో తేల్చేది ఆ మూడోదే.

ఎందుకంటే ఈ టూల్స్ ఇచ్చే షాట్లు చాలా చిన్నవి. 2023 నవంబరులో వచ్చిన స్టేబుల్ వీడియో డిఫ్యూజన్ ఒక్కసారికి 14 ఫ్రేములో 25 ఫ్రేములో ఇచ్చేది. 2024లో వచ్చిన రన్‌వే జెన్-3 ఆల్ఫా 5 లేదా 10 సెకన్లు ఇచ్చింది. గూగుల్ వారి వియో 3 ఇచ్చేది 8 సెకన్లు. అలీబాబా సంస్థ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన వాన్ 2.1 ఐదు సెకన్ల షాటు ఇస్తుంది. ఈ చివరిదాన్ని ఎవరైనా ఉచితంగా దించుకుని సొంత కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు. దాని లోపలి నిర్మాణం కూడా బహిరంగంగానే ఉంది. ప్రాంప్ట్‌లోని ఏ మాట ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు పనిచేయదో వివరించడానికి వీలుగా ఈ వ్యాసం ఎక్కువగా దాన్నే ఆధారం చేసుకుంటుంది.

ఐదు సెకన్లే ఎందుకు

వాన్ 2.1 సెకనుకు 16 ఫ్రేముల చొప్పున 81 ఫ్రేములు తయారుచేస్తుంది. అంటే ఐదు సెకన్ల పైన కాస్త. అయితే ఈ 81 ఫ్రేములను అది విడివిడి బొమ్మలుగా చూడదు. మొదటి ఫ్రేమును అలాగే ఉంచి, మిగిలిన 80 ఫ్రేములను నాలుగేసి కలిపి ఒక్కో పొరగా కుదిస్తుంది. అలా మొత్తం 21 పొరలవుతాయి. ఒక్కో పొరను మళ్ళీ చిన్న ముక్కలుగా విడగొడుతుంది. 832×480 సైజు వీడియోకు పొరకు 1,560 ముక్కలు, మొత్తం 32,760. అదే వీడియోను 1280×720లో కోరితే ముక్కల సంఖ్య 75,600కు చేరుతుంది.

వీడియో తయారయ్యేటప్పుడు ప్రతి ముక్కనూ మిగిలిన ప్రతి ముక్కతోనూ సరిచూడాలి. ఎడమవైపు చెయ్యి కదిలితే కుడివైపు నీడ కూడా కదలాలి కదా, ఆ పొంతన కుదిరేది ఇక్కడే. కాబట్టి నిడివి రెట్టింపు చేస్తే ముక్కలు రెట్టింపవుతాయి, సరిచూడాల్సిన జతలు నాలుగు రెట్లవుతాయి. షాట్లు చిన్నవిగా ఉండడానికి ఖర్చు ఒక కారణం. రెండో కారణం శిక్షణ. మోడల్ నేర్చుకున్నది ఇంత నిడివి ముక్కలనుంచే. 81 ఫ్రేములు దాటించి అడిగితే ఇవ్వకపోదు. కానీ ఆ పైన ఏం చేయాలో దానికి తెలియదు. ముందుకు నడుస్తున్న మనిషి మొదటి చోటికే మళ్ళడం, తెరుచుకున్న తలుపు తిరిగి మూసుకోవడం అప్పుడు తరచుగా కనిపిస్తాయి.

ప్రాంప్ట్ రాసేవారికి ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. వీడియో మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా వరుసగా తయారవదు. 21 పొరలూ ఒకేసారి అర్థంలేని చుక్కల తెరగా మొదలవుతాయి. సాధారణంగా 50 విడతల్లో అన్నీ కలిసే తేటపడతాయి. ప్రాంప్ట్‌ను ఒక భాషా మోడల్ అంకెలుగా మార్చి, ఆ మొత్తాన్నీ ప్రతి పొరకూ ఒకేలా అందిస్తుంది. మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ చదివేది ఒకే వాక్యాన్ని. ఆ వాక్యానికి లోపల గడియారం లేదు.

అందుకే ‘ఆమె కూర్చుంటుంది, తర్వాత పుస్తకం తెరుస్తుంది, ఆపైన నవ్వుతుంది’ అని రాస్తే మూడూ కలగాపులగమవుతాయి. కూర్చుంటూనే నవ్వేస్తుంది. లేదా పుస్తకం మొదటి ఫ్రేములోనే తెరిచి ఉంటుంది. ‘మూడో సెకనులో’ అని రాసినా వాన్ 2.1కు అది సమయంగా అందదు. వాక్యాల వరుస నుంచి కొంత ఊహించుకుంటుందంతే. తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లు ఈ విషయంలో మెరుగుపడ్డాయి. వియో 3.1కు గూగుల్ ఇచ్చిన సూచనల్లో ఒక్కో పనికి సెకన్ల లెక్క రాసే పద్ధతి ఉంది. అయినా మొత్తం ఎనిమిది సెకన్లే కాబట్టి, అక్కడా ఒక్కో పనికి దక్కేది రెండు మూడు సెకన్లే.

ఐదు సెకన్లు మరీ తక్కువని బెంగపడాల్సిన పని లేదు. సినిమా చరిత్రకారుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్కల ప్రకారం 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్ సినిమాల్లో సగటు షాటు 8 నుంచి 11 సెకన్లు ఉండేది. శతాబ్దం చివరికి అది 3 నుంచి 6 సెకన్లకు తగ్గింది. చిక్కు షాటు నిడివిలో లేదు. ఒక సన్నివేశమంతటినీ ఒక షాటులో కుక్కడంలో ఉంది.

కెమెరా కదలిక

కెమెరా కదలికల్లో రెండు జాతులున్నాయి. ఉన్నచోటే ఉండి తల తిప్పడం ఒకటి. అడ్డంగా తిప్పితే పాన్, నిలువుగా తిప్పితే టిల్ట్. ఉన్నచోటు నుంచి జరగడం రెండోది. ముందుకూ వెనక్కూ జరిగితే డాలీ, పక్కకు జరిగితే ట్రక్, నిలువుగా పైకి లేస్తే పెడెస్టల్ లేక క్రేన్, వస్తువు చుట్టూ తిరిగితే ఆర్బిట్. జూమ్ ఈ రెంటిలోనూ చేరదు. అందులో కెమెరా కదలనే కదలదు, లెన్సు మాత్రమే మారుతుంది. తెలుగు సినిమా సెట్లలో డాలీని ట్రాలీ అనడం అలవాటు. కానీ ప్రాంప్ట్‌లో `trolley` అని రాస్తే సామాన్లు తోసే బండి తెరమీదికి వచ్చే ప్రమాదముంది. ఈ మోడళ్ల శిక్షణలో వీడియోలకు రాసిన వర్ణనలు ఎక్కువగా ఇంగ్లీషులో, వాన్ విషయంలో చైనీసులో కూడా ఉంటాయి. అందువల్ల ప్రాంప్ట్ ఇంగ్లీషులో, `dolly in`, `pan left` వంటి స్థిరపడిన మాటలతో రాయడమే నయం.

అన్నిటికంటే ఎక్కువ తడబాటు డాలీకీ జూమ్‌కీ మధ్య వస్తుంది. రెంటిలోనూ వస్తువు పెద్దదవుతుంది. తేడా వెనక ఉన్నదాన్ని చూస్తే తెలుస్తుంది. కెమెరా ముందుకు జరిగితే దగ్గరున్నవి వేగంగా పెరుగుతాయి, దూరంగా ఉన్నవి నెమ్మదిగా పెరుగుతాయి. దగ్గరి వస్తువులు అంచుల వైపు జారిపోతాయి, వాటి వెనక దాగినవి బయటపడతాయి. జూమ్‌లో దగ్గరవీ దూరానివీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, కొత్తగా బయటపడేది ఏమీ ఉండదు. మనుషులు కూడా ఈ తేడాను పొరబడతారు. కెమెరా కదలికలను యంత్రాలు ఎంతవరకు గుర్తిస్తాయో పరీక్షించడానికి 2025లో వచ్చిన కెమెరాబెంచ్ పరిశోధనలో, అనుభవం లేనివారు జూమ్‌నూ ముందుకు జరగడాన్నీ ఒకటిగా రాసేస్తున్నారని, నేర్పితే సరిగ్గా చెప్పగలుగుతున్నారని తేలింది. మనుషులో యంత్రాలో అలా కలగలిపి రాసిన వర్ణనల నుంచి నేర్చిన మోడల్ కూడా అదే తప్పు చేస్తే ఆశ్చర్యం లేదు.

అందువల్ల కదలిక పేరొక్కటే రాసి వదిలేయడం చాలదు. దాని ఫలితం తెరమీద ఎలా కనబడుతుందో కూడా చెప్పాలి. ‘కెమెరా నెమ్మదిగా ముందుకు వెళ్తుంది, ముందున్న ఇత్తడి చెంబు ఎడమ అంచు దాటి పోతుంది’ అంటే అది జూమ్‌గా మారే అవకాశం తగ్గుతుంది. జూమ్‌లో ముందున్న వస్తువు వెనకున్నదాని మీదుగా జరిగిపోదు. కదలిక మొదలూ చివరా ఎలాంటి ఫ్రేమింగులో ఉండాలో చెప్పడం కూడా మేలు. మీటర్లు, డిగ్రీలు మోడల్‌కు పట్టవు. ‘నడుము పైదాకా కనిపించే షాటు నుంచి ముఖం క్లోజప్ దాకా’ అంటే పడుతుంది.

పాన్‌లో ఇంకో పొరపాటు జరుగుతుంది. కెమెరా ఎడమకు తిరిగితే తెరమీద బొమ్మ కుడికి జరుగుతుంది. తమకు బొమ్మ ఎటు జరగాలో అనుకుని ఆ దిక్కే రాసేవారికి ఫలితం తలకిందులుగా వస్తుంది. దిక్కు ఎప్పుడూ కెమెరాదే.

వేగానికీ హద్దుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి కనీసం ఏడు సెకన్లు పట్టేలా పాన్ చేయాలని ఛాయాగ్రాహకుల పాత కొలత. అంతకంటే వేగంగా తిప్పితే నిలువు గీతలన్నీ కుదుపుతో అదురుతాయి. ఈ కొలత ప్రకారం ఐదు సెకన్ల షాటులో హాయిగా తిప్పగలిగేది ఫ్రేము వెడల్పులో ముప్పాతిక కూడా కాదు. వాన్ ఇచ్చేది సెకనుకు 16 ఫ్రేములే కాబట్టి ఇంకా తక్కువే అనుకోవాలి. ఊరి పొలిమేర మొదలు గుడి గోపురం దాకా ఒకే పాన్‌లో చూపమని అడిగేవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే, అడిగేది ఎంత పెద్ద కోరికో తెలుస్తుంది.

కెమెరా అసలు కదలకూడదంటే ఆ సంగతీ రాయాలి. ఏమీ చెప్పకపోతే చాలా మోడళ్లు తమంతట తామే కొంచెం ముందుకు జరుగుతాయి. అయితే `do not move the camera` అనడం మంచి పద్ధతి కాదు. వద్దన్న పనే అందులో మాటగా చేరి మోడల్‌కు అందుతుంది. జెన్-4 మోడల్‌కు రన్‌వే ఇచ్చిన మార్గదర్శకంలో కూడా నిషేధ వాక్యాలు రాయవద్దని, రాస్తే వ్యతిరేక ఫలితం రావచ్చని ఉంది. కావలసింది సూటిగా చెప్పాలి: `static shot`, `locked-off camera`.

వాన్ వంటి టూల్స్‌లో వద్దనుకున్నవి రాయడానికి నెగటివ్ ప్రాంప్ట్ అని వేరే గడి ఉంటుంది. అక్కడ ‘వద్దు’ అనే మాట లేకుండా వస్తువు పేరు మాత్రమే రాయాలి. వాన్‌తో పాటే వచ్చే నెగటివ్ ప్రాంప్ట్ చైనీసులో ఉంటుంది. మూడు కాళ్లు, వెనక్కి నడవడం, కదలని చిత్రం అనేవి అందులో ఉన్నాయి. మోడల్ ఏయే తప్పులు చేస్తుందో దాన్ని తయారుచేసినవారే ఒప్పుకున్న జాబితా లాంటిదది. కెమెరాను కచ్చితంగా నిలిపి ఉంచాలనుకునేవారు అందులోని ‘కదలని చిత్రం’ అన్న మాటలను తీసేసి చూడవచ్చు. అవి కదలికను ఎక్కడో ఒకచోట పుట్టించేలా మోడల్‌ను తోస్తూ ఉంటాయి.

కెమెరాను మాటలకు వదలకుండా మీటలతో నడిపే టూల్స్ కూడా ఉన్నాయి. రన్‌వే 2024 నవంబరులో జెన్-3 ఆల్ఫా టర్బోకు అలాంటి నియంత్రణ ఇచ్చింది. మినీమాక్స్ వారి డైరెక్టర్ మోడల్‌లో `[Push in]`, `[Pan left]` వంటి ఆదేశాలను చదరపు బ్రాకెట్లలో రాస్తే చాలు, ఒకేసారి మూడింటి దాకా కలపవచ్చు. ఐదారు సెకన్ల షాటుకు ఒకటే ఎక్కువ.

మనిషి కదలిక

కెమెరా ముందు జరిగేదాన్ని కంటికి కనిపించే పనిగా రాయాలి. ‘ఆమె దిగులుగా ఉంది’ అన్నది కథకు పనికొస్తుంది గానీ మోడల్‌కు అందులో కదిలేది ఏదీ దొరకదు. ‘చూపు కిందికి దించి కొంగు అంచును వేళ్లకు చుట్టుకుంటోంది’ అంటే దొరుకుతుంది.

పని ఎంత ఉండాలన్నదానికి తేలికైన పరీక్ష ఉంది. ఆ పనిని సొంతంగా చేసి గడియారం చూసుకోవడమే. మూడు నాలుగు సెకన్లలో సహజంగా అయిపోతే ఆ షాటుకు సరిపోయినట్టు. అంతకంటే ఎక్కువ పట్టే పనిని రాస్తే మోడల్ మధ్య భాగం మింగేస్తుంది. బిందె నీళ్లలో ముంచడం, మరుక్షణం బిందె నెత్తిమీద ఉండడం, మధ్యలో ఎత్తుకోవడం మాయమవడం అలా జరుగుతుంది. మరీ చిన్న పని రాస్తే దాన్ని ఐదు సెకన్లకు సాగదీస్తుంది, కనురెప్ప వాల్చడం కూడా స్లోమోషన్‌లో వస్తుంది. శిక్షణకు వాడే స్టాక్ వీడియోల్లో స్లోమోషన్ ఎక్కువ కాబట్టి అసలే ఈ మోడళ్లకు ఆ మొగ్గు ఉంది. పని అప్పటికే మొదలై నడుస్తున్నట్టు రాస్తే కొంత నయం. ‘నడవడం మొదలుపెడుతుంది’ కంటే ‘నడుస్తోంది’ మేలు. లేకపోతే ఉన్న ఐదు సెకన్లలో ఒకటి అడుగు ఎత్తడానికే పోతుంది.

మరీ వేగమైన పనికి మరో అడ్డంకి ఉంది. నాలుగు ఫ్రేములు కలిపి ఒక పొర అని పైన చెప్పుకున్నాం. సెకనుకు 16 ఫ్రేములంటే ఒక పొర పావు సెకను. పావు సెకనులోపల జరిగి ముగిసే కదలిక ఆ కుదింపులో చెదిరిపోతుంది. డప్పు మీద పుల్ల పడే దెబ్బ, చిటికె, చప్పట్లలో అరచేతులు కలిసే క్షణం ఇలాంటివే. అక్కడ పుల్ల వంగిపోతుంది, వేళ్లు కలిసిపోతాయి. దీన్ని ప్రాంప్ట్‌లో మాటలు మార్చి బాగుచేయలేం. ఆ షాటును దెబ్బ పడే చోట కాకుండా వాయించేవాడి ముఖం మీద పెట్టుకోవడం ఒక్కటే దారి.

కెమెరా కదలికా మనిషి కదలికా రెండూ పెద్దవిగా ఉంటే మోడల్ తికమకపడుతుంది. తెరమీద ముఖం పెద్దదవుతోందంటే మనిషి దగ్గరికి వస్తున్నాడా, కెమెరా అతని దగ్గరికి వెళ్తోందా అన్నది వెనకనున్న గోడ చెప్పాలి. రెండూ ఒకేసారి అడిగితే ఆ గోడ ఎలా మారాలో మోడల్ తేల్చుకోలేక, మనిషి కదలకుండా నేల మీద జారుతున్నట్టు చూపిస్తుంది. అందువల్ల షాటుకు ఒక్కటే ప్రధానం కావాలి. మనిషి పని చేస్తుంటే కెమెరా నిలబడాలి, కెమెరా కదులుతుంటే మనిషి దాదాపు నిశ్చలంగా ఉండాలి. మనిషి వెంట సమాన దూరంలో సాగే ట్రాకింగ్ షాటు ఒక్కటీ దీనికి మినహాయింపు. అందులో మనిషి సైజు మారదు, వెనకనున్నవి మాత్రమే జరుగుతాయి కాబట్టి తికమకకు తావు తక్కువ.

పూతరేకు షాటు

కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని తయారీ మీద చిన్న వీడియో కావాలనుకునేవారు మొదట రాసే ప్రాంప్ట్ దాదాపు ఇలా ఉంటుంది:

```
A village woman makes poothareku, camera zooms in and
moves around her, then she rolls it with sugar and ghee
and smiles at the camera, cinematic, beautiful, 4k
```

ఇందులో మూడు పనులు, రెండు కెమెరా కదలికలు ఉన్నాయి. ఐదు సెకన్లలో ఏ ఒక్కటీ పూర్తికాదు. `poothareku` అన్న మాట మోడల్‌కు దాదాపు అర్థం లేనిది. దాని స్థానంలో దోసెనో రొట్టెనో గీస్తుంది. `cinematic`, `beautiful` వంటివి రంగులను మారుస్తాయేమో గానీ కదలికకు ఏమీ కలపవు.

అసలు పనిని గమనిస్తే దారి దొరుకుతుంది. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. బియ్యప్పిండి జావలో ముంచిన పలచటి గుడ్డను రెండు చేతులతో అంచులు పట్టుకుని కుండ మీద పరిచి లాగేస్తారు. గుడ్డ వెళ్లిన చోట కాగితం కంటే పలచని పొర మిగులుతుంది. అది చూస్తుండగానే ఆరి కుండను వదిలేస్తుంది, దాన్ని చేత్తో తీస్తారు. గుడ్డ లాగడం ఒక షాటు. ఆరిన రేకును తీయడం రెండో షాటు. రేకుల దొంతర మూడోది. పంచదార, నెయ్యి వేసి మడవడం నాలుగోది.

పేరు తెలియని వస్తువును మాటలతో వర్ణించడం కంటే ఫొటో ఇవ్వడం మంచిది. మొదటి ఫ్రేముగా ఒక ఫొటో ఇచ్చి కదిలించమనే వెసులుబాటు వాన్‌తో సహా చాలా టూల్స్‌లో ఉంది. మొదటి షాటుకు, గుడ్డ కుండ మీద పరిచి ఉన్న క్షణాన్ని ఫోన్‌తో ఫొటో తీయాలి. పరవడం అనే పని అప్పటికే జరిగిపోయింది కాబట్టి షాటుకు లాగడం ఒక్కటే మిగులుతుంది. ఫొటోలో కనిపిస్తున్న కుండనూ చీర రంగునూ ప్రాంప్ట్‌లో మళ్ళీ వర్ణించనక్కరలేదు. కదిలేవాటినే రాయాలి:

```
Static shot, locked-off camera. The two hands draw the
wet cloth toward the camera and off the pot in one smooth
motion. A paper-thin translucent white film stays on the
pot. Steam rises.
```

ఇక్కడ ఎక్కువగా వచ్చే లోపం ఒకటే. గుడ్డా దాని కింది పొరా మోడల్‌కు ఒకే వస్తువు. గుడ్డతోపాటు పొర కూడా లేచిపోయి ఉత్త కుండ మిగులుతుంది, లేదా మిగిలిన పొర దోసెలా మందంగా ఉంటుంది. `paper-thin translucent` అన్న మాటలు రెండోదాన్ని కొంత సరిచేస్తాయి. మొదటిదానికి చివరి ఫ్రేము ఫొటో కూడా ఇవ్వాలి. వాన్‌కు మొదటి, చివరి ఫ్రేములు రెండూ తీసుకునే రూపం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. గుడ్డ తీసేశాక పొర మాత్రమే ఉన్న రెండో ఫొటో ఇస్తే, మధ్యలో జరిగేదాన్ని మోడల్ పూరిస్తుంది. రెండు ఫొటోలు తీసేటప్పుడు ఫోన్ స్టాండు మీదే ఉండాలి. రెంటి మధ్య ఫోన్ ఏ కాస్త జరిగినా, ఆ తేడాను మోడల్ కెమెరా కదలికగా అర్థం చేసుకుంటుంది. `locked-off` అని ఎన్నిసార్లు రాసినా ఫొటోల సాక్ష్యం ముందు మాట నిలవదు.

రేకు తీసే రెండో షాటుకూ ఇదే పద్ధతి. ఆరిన రేకు అంచును వేళ్లు పట్టుకున్న క్షణంతో మొదలుపెట్టాలి, కెమెరా కదలకూడదు. మూడో షాటులో మాత్రం చేతులకు పని లేదు కాబట్టి కెమెరాకు స్వేచ్ఛ ఇవ్వవచ్చు. పళ్లెంలో రేకుల దొంతర, దాని ముందు ఎడమవైపు ఒక ఇత్తడి చెంబు, వెనక కిటికీ ఉన్న ఫొటో తీసుకుని ఇలా రాయవచ్చు:

```
The camera slowly dollies in from a medium shot to a
close-up of the stacked white films. The brass vessel in
the foreground slides out of frame on the left. The
topmost film trembles slightly in the air.
```

చెంబు ఉండడం అందం కోసం కాదు. కెమెరా నిజంగా ముందుకు కదిలిందనడానికి అదే కొలబద్ద. రేకు అంచు వణకడం కూడా కావాలనే రాసినది. కెమెరా తప్ప ఏదీ కదలని షాటును మోడల్ ఫొటోను దగ్గరకు లాగినట్టు చదునుగా చూపించేస్తుంది.

వచ్చినదాన్ని పరీక్షించడం

మామూలు వేగంలో చూస్తే ఐదు సెకన్లలో లోపాలు దొరకవు. పావు వంతు వేగంలో నడిపి, ఒక్కోసారి ఒక్క సంగతే చూడాలి. కెమెరా నిలిచిందా అన్నది తెలియాలంటే ఫ్రేము మూలనున్న ఇటుక అంచులాంటి కదలని వస్తువు మీద వేలు పెట్టి మొత్తం నడపాలి. అంచు వేలు దాటితే కెమెరా జారిందన్నమాట. డాలీ షాటులో చెంబుకూ వెనక కిటికీకీ మధ్య ఖాళీ మారుతోందో లేదో చూడాలి. ఆ ఖాళీ రెంటితోపాటు ఒకే నిష్పత్తిలో పెరుగుతూ, కిటికీలో కొత్తగా ఏమీ బయటపడకపోతే వచ్చింది జూమే.

చేతులను గుడ్డ చాటుకు వెళ్లి బయటికి వచ్చే చోట చూడాలి. దాగినప్పుడు నాలుగు వేళ్లు, బయటపడ్డాక ఐదు వేళ్లు ఉండడం అక్కడే జరుగుతుంది. చివరి అర సెకనును కూడా విడిగా చూడాలి. పని అంతకు ముందే ముగిసిపోతే ఆ మిగిలిన సమయాన్ని నింపడానికి మోడల్ చేతులను వెనక్కి తెస్తుంది, లేదా ఎవరూ అడగని పొగను లేపుతుంది. అది ప్రాంప్ట్ లోపం కాదు. ఆ అర సెకనును ఎడిటింగులో కోసేయడమే దానికి మందు. ఐదు సెకన్ల షాటులో వాడుకోదగినది రెండు మూడు సెకన్లే అయితే అది మంచి షాటే.

సరిచేసేటప్పుడు ప్రతిసారీ కొత్త ప్రాంప్ట్ రాస్తే ఏ మాట వల్ల ఏం మారిందో తెలియదు. మొదటి చుక్కల తెరను నిర్ణయించే సీడ్ అనే సంఖ్యను మార్చకుండా ఉంచి, ఒక్క మాట మాత్రమే మార్చి చూడాలి. నాలుగైదు సీడ్‌లతోనూ అదే లోపం వస్తుంటే తప్పు ప్రాంప్ట్‌లోనో అడిగిన పనిలోనో ఉంది. ఒక్క సీడ్‌తోనే వస్తే సీడ్ మార్చి ముందుకు సాగవచ్చు. తొందర ఉన్నప్పుడు ఈ పరీక్షలన్నీ 480 సైజులో చేసి, కుదిరినదాన్నే 720కి తీసుకెళ్లాలి. ముక్కల లెక్క చూస్తే పెద్ద సైజులో ప్రతి ప్రయత్నానికీ ఎంత ఎక్కువ సమయం పోతుందో తెలుస్తూనే ఉంది.

ఇక మిగిలింది నాలుగో షాటు, రేకులో పంచదార చల్లి, నెయ్యి వేసి వేళ్లతో మడవడం. పట్టుకుంటే చిట్లే పలచని పొర, దాని చాటుకు వెళ్లి వస్తుండే పది వేళ్లు, జారే పంచదార పలుకులు, ఇవన్నీ ఒకే చోట కలిసే పని అది. ఇప్పటి మోడళ్లు అన్నిటికంటే ఎక్కువ తప్పులు చేసేది సరిగ్గా ఇలాంటి చోటే. మొదటి ఫొటో, చివరి ఫొటో ఇచ్చినా మధ్యలో రేకు ఒకచోట గుడ్డలా, ఒకచోట ప్లాస్టిక్‌లా ప్రవర్తిస్తుంది. ఫొటోల కోసం ఫోన్ ఎలాగూ ఆ వంటింట్లో స్టాండు మీద ఉంది కాబట్టి, ఆ ఒక్క షాటును ప్రాంప్ట్‌తో కాకుండా ఫోన్‌తోనే తీసుకోవడం మేలు.